చెట్టు కట్టబోతే తాడు వచ్చింది: ట్రీ సార్ట్ మీద ప్రసంగ పాఠం

(డిగ్రీ కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. బోర్డు మీద రాసినవి ఆయా చోట్లే ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనక ఉన్నవాళ్లకు బోర్డు కనిపిస్తోందా? కనిపించకపోతే ముందుకు వచ్చేయండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి. ఈ రోజు మాట వినడం కన్నా బొమ్మ చూడటం ముఖ్యం. మనం చెట్లు గీయబోతున్నాం.

ముందు ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక లైబ్రరీకి చిన్న ప్రోగ్రాం రాసి ఇచ్చాను. మీకు తెలుసు కదా, లైబ్రరీలో ప్రతి పుస్తకానికీ యాక్సెషన్ నంబర్ అని ఒకటి ఉంటుంది. పుస్తకం కొన్నప్పుడు రిజిస్టరులో ఎక్కించి ఇచ్చే నంబరు అది. మొట్టమొదట కొన్న పుస్తకం 1, తర్వాతది 2, అలా పెరుగుతూ పోతుంది. ఆ లైబ్రరీలో సుమారు 40,000 పుస్తకాలు. సిబ్బంది బీరువాల దగ్గర నిలబడి ఒక్కో పుస్తకమే తీసి నంబరూ పేరూ టైపు చేశారు. రెండు నెలలు పట్టింది వాళ్లకి. బీరువాల్లో పుస్తకాలు సబ్జెక్టు ప్రకారం ఉంటాయి, కొన్న వరసలో ఉండవు. అందుకని నంబర్లు కలగాపులగంగా వచ్చాయి. 31,207 పక్కన 482, దాని పక్కన 19,960.

నా పని వాటిని నంబరు వరసలో పెట్టడం. దానికి ట్రీ సార్ట్ వాడాను. ఎందుకంటే లైబ్రరీకి కొత్త పుస్తకాలు వస్తూనే ఉంటాయి, వచ్చినదాన్ని వచ్చినట్టు సరైన చోట చేర్చుకుంటూ పోవచ్చు. మొదటి రోజు మేం నలుగురం చుట్టూ నిలబడి చూస్తుండగా ప్రోగ్రాం నడిపాం. తక్షణం వరస వచ్చేసింది. అందరికీ సంతోషం. సాయంత్రం ప్రోగ్రాం మూసేటప్పుడు ఆ వరస జాబితాను ఒక ఫైల్లో దాచుకుంటుంది. మర్నాడు పొద్దున తెరిచినప్పుడు ఆ ఫైలు చదివి మళ్లీ పనికి సిద్ధమవుతుంది. అలా రాశాను.

మర్నాడు పొద్దున లైబ్రరీ నుంచి ఫోన్. "సార్, ప్రోగ్రాం తెరుచుకోవడం లేదు." పరుగున వెళ్లాను. తెర అలాగే నిలబడిపోయి ఉంది. నిమిషాలు గడిచాయి. చివరికి ఈ ముక్క వచ్చింది:

```
RecursionError: maximum recursion depth exceeded
```

ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చలేదు. అదే కంప్యూటరు. అవే 40,000 పుస్తకాలు, ఒకటి పెరగలేదు, ఒకటి తగ్గలేదు. నిన్న తక్షణం అయిన పని ఈ రోజు ఎందుకు కాలేదు? ఏం మారింది? నాకు ఆ పూటంతా అదే టెన్షన్. మీరు కూడా ఈ ప్రశ్న పట్టుకుని కూర్చోండి. జవాబు చెట్టు లోపలే ఉంది. వెతుకుదాం.

ట్రీ సార్ట్‌లో రెండే పనులు. ఒకటి, వచ్చిన ప్రతి అంకెనూ బైనరీ సెర్చ్ ట్రీలో చేర్చడం. రెండు, అన్నీ చేర్చాక ఆ చెట్టును ఒక పద్ధతిలో చదవడం. చేర్చే నియమం ఒక్కటే: నా కన్నా చిన్నదైతే ఎడమకి వెళ్లు, కాకపోతే కుడికి వెళ్లు. చోటు ఖాళీగా ఉంటే అక్కడ కూర్చో. ఖాళీగా లేకపోతే, అక్కడున్నవాణ్ణి అదే ప్రశ్న అడుగు. అంతే. ఇక వేరే నియమం లేదు.

చేసి చూద్దాం. ఎనిమిది మంది స్లిప్ టెస్టు పేపర్లు నా దగ్గరికి ఈ వరసలో వచ్చాయనుకోండి. మార్కులు రాస్తున్నాను: 52, 31, 74, 45, 18, 66, 45, 90. రెండు 45లు ఉన్నాయి, గమనించారా? కావాలనే పెట్టాను, దాని సంగతి తర్వాత.

మొదట 52. చెట్టు ఖాళీ, కాబట్టి 52 వేరు అయింది. మన చెట్టుకు వేరు పైన ఉంటుంది, కొమ్మలు కిందికి పెరుగుతాయి. పోలిక ఏమీ చేయలేదు. తర్వాత 31. 52తో పోల్చాం, చిన్నది, ఎడమకి. ఒక పోలిక. 74. 52 కన్నా పెద్దది, కుడికి. ఒక పోలిక. ఇప్పుడు 45. 52 కన్నా చిన్నది, ఎడమకి వెళ్లాలి. అక్కడ 31 కూర్చుని ఉంది. 31ని అడిగాం. 45 పెద్దది, కాబట్టి 31కి కుడివైపు. రెండు పోలికలు. 18 కూడా 52నీ 31నీ దాటి, 31కి ఎడమన కూర్చుంది. రెండు. 66 వచ్చింది. 52కి కుడి, 74కి ఎడమ. రెండు. రెండో 45 వచ్చింది. 52కి ఎడమ, 31కి కుడి, అక్కడ మొదటి 45 ఉంది. చిన్నది కాదు కదా? సమానం. నియమం ఏమంది? చిన్నది కాకపోతే కుడికి. కుడికే వెళ్లింది. మూడు పోలికలు. చివరిది 90. 52కి కుడి, 74కి కుడి. రెండు. మొత్తం ఎన్ని? ఎవరైనా కూడారా? అవును, 13.

```
            52
          /    \
        31      74
       /  \    /  \
     18   45  66   90
            \
             45
```

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ప్రతి అంకెకూ ఎన్ని పోలికలు అయ్యాయి? అది వేరు నుంచి ఎంత లోతున ఉందో అన్ని. 66 రెండు మెట్ల కింద ఉంది, రెండు పోలికలు. రెండో 45 మూడు మెట్ల కింద ఉంది, మూడు పోలికలు. అంటే ఈ చెట్టు కట్టడానికి మనం పడిన శ్రమ అంతా చెట్టు బొమ్మలోనే రాసి ఉంది. అందరి లోతులూ కూడితే అదే మొత్తం శ్రమ. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఇక చదవడం. ఏ అంకె దగ్గర నిలబడినా ఇలా చేయండి: ముందు నీ ఎడమవైపు ఉన్న వాళ్లందరినీ చదువు, తర్వాత నిన్ను నువ్వు చదువు, తర్వాత నీ కుడివైపు వాళ్లను చదువు. 52 దగ్గర మొదలుపెట్టాం. ఎడమకి పో అంది, 31 దగ్గరికి వచ్చాం. 31 కూడా ఎడమకి పో అంది, 18 దగ్గరికి వచ్చాం. 18కి ఎడమన ఎవరూ లేరు. కాబట్టి 18 చదివాం. దానికి కుడినా ఎవరూ లేరు. వెనక్కి 31కి వచ్చాం, చదివాం. దాని కుడికి, 45. దాని కుడికి, ఇంకో 45. వెనక్కి, వెనక్కి, 52. తర్వాత కుడి కొమ్మ: 66, 74, 90. చదివిన వరస చూడండి: 18, 31, 45, 45, 52, 66, 74, 90. ఆరోహణ క్రమం. చదివేటప్పుడు ఒక్క పోలిక కూడా చేయలేదు. పోలికలన్నీ చేర్చేటప్పుడే అయిపోయాయి. ఈ చదివే పద్ధతిని ఇన్‌ఆర్డర్ అంటారు. కోడు ఇదిగో:

```python
def walk(n, out):
    if n is None:
        return
    walk(n.left, out)
    out.append(n.key)
    walk(n.right, out)
```

ఎందుకు వరసలో వచ్చింది? ఏ అంకె దగ్గర చూసినా, ఎడమ కొమ్మలో ఉన్నవన్నీ దాని కన్నా చిన్నవి, కుడి కొమ్మలో ఉన్నవన్నీ చిన్నవి కానివి. పక్కనున్న ఒక్కటే కాదు, ఆ కొమ్మలో ఉన్నవన్నీ. మొదటి 45ని చూడండి, అది 31కి కుడివైపు ఉంది, కానీ 52కి ఎడమ కొమ్మలో ఉంది. రెండు షరతులూ పాటిస్తోంది. పరీక్షల్లో చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ఒక చెట్టు ఇచ్చి ఇది సెర్చ్ ట్రీ అవునా కాదా అంటే, తండ్రినీ పిల్లలనూ మాత్రం పోల్చి చూసి అవునంటారు. తాత ఏమంటున్నాడో కూడా చూడాలి.

ఇప్పుడు ఆ రెండు 45ల సంగతి. ముందు వచ్చిన 45 పేపరు ఒకరిది, తర్వాత వచ్చిన 45 పేపరు ఇంకొకరిది. మన నియమం వల్ల తర్వాత వచ్చినది ఎప్పుడూ ముందు వచ్చినదానికి కుడివైపే పడుతుంది. కాబట్టి చదివేటప్పుడు ముందు వచ్చినదే ముందు వస్తుంది. సమానమైనవాళ్ల మధ్య వచ్చిన వరస చెడదు. దీన్నే స్టేబుల్ సార్ట్ అంటారు. ఎవరైనా నియమాన్ని కొంచెం మార్చి, చిన్నదైనా సమానమైనా ఎడమకి అని రాశారనుకోండి. మార్కుల వరస సరిగ్గానే వస్తుంది, కానీ 45 వచ్చినవాళ్ల పేర్లు తలకిందులవుతాయి. `<` ఉండాల్సిన చోట `<=` పడటం, అంతే తేడా. అంకెలు మాత్రమే చూసి పరీక్షిస్తే ఆ తప్పు ఎన్నటికీ దొరకదు. పేర్లతో కలిపి పరీక్షించాలి.

అలాగని సమానమైనవన్నీ కుడికి పంపడంలోనూ ఒక చిక్కు ఉంది. 10,000 మంది మార్కులు, 0 నుంచి 100 లోపు. ఒక్కో మార్కుకు సగటున వంద మంది. ఆ వంద మందీ ఒకరి కింద ఒకరు కుడికి దిగుతూ పోతారు. అందరికీ ఒకే మార్కు వస్తే మరీను, చెట్టంతా ఒకే గీత. ఇలాంటి చోట ఒక్కో నోడ్‌లో ఒక చిన్న జాబితా పెట్టి, సమానమైనవాళ్లను అందులో చివర చేర్చుకోవడం మంచిది. అప్పుడు చెట్టులో 101 నోడ్ల కన్నా ఎక్కువ ఉండవు, వచ్చిన వరసా చెడదు.

సరే, ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. అవే ఎనిమిది పేపర్లు. కానీ ఈసారి ఎవరో ముందే సర్ది తెచ్చారు: 18, 31, 45, 45, 52, 66, 74, 90. చెట్టు కడదాం. 18 వేరు. 31 పెద్దది, కుడికి. 45, 18ని అడిగింది, కుడి. 31ని అడిగింది, కుడి. తర్వాతి 45, కుడి, కుడి, కుడి. 52, నాలుగు సార్లు కుడి. చెప్పండి, ఎడమకి ఎవరైనా వెళ్లారా? ఒక్కరూ వెళ్లలేదు. 90 వచ్చేసరికి ఏడుగురినీ అడుక్కుంటూ అట్టడుగుకి వెళ్లింది. పోలికలు కూడితే 0, 1, 2, 3, 4, 5, 6, 7, మొత్తం 28. ఇందాక 13. ఇప్పుడు 28. అవే అంకెలు. చదివితే వచ్చే వరస కూడా అదే. కానీ ఇది చెట్టులా ఉందా? కొమ్మ లేదు, ఏమీ లేదు. ఒక తాడు వేలాడుతున్నట్టుంది.

ఎనిమిదికి 13, 28 అంటే పెద్ద తేడాగా అనిపించదు. 40,000కి లెక్క వేద్దాం. వరసగా వస్తే పోలికలు n(n-1)/2. అంటే 79,99,80,000. దాదాపు 80 కోట్లు. కలగాపులగంగా వస్తే? దానికీ ఒక సూత్రం ఉంది, అన్ని వరసలూ సమానంగా రావచ్చు అనుకుని సగటు తీస్తే 2(n+1)H - 4n వస్తుంది. ఇక్కడ H అంటే 1 + 1/2 + 1/3 అలా 1/n దాకా కూడిన మొత్తం. 40,000కి H సుమారు 11.17. లెక్క కడితే దాదాపు 7.3 లక్షల పోలికలు. 7.3 లక్షలు ఎక్కడ, 80 కోట్లు ఎక్కడ! వెయ్యి రెట్లకు పైన.

ఇప్పుడు చెప్పండి, లైబ్రరీలో రెండో రోజు పొద్దున ఏం జరిగింది? అవును, వెనక వరసలోని అమ్మాయి చెప్పింది, గట్టిగా చెప్పమ్మా. "ఫైలు వరసలో ఉంది సార్." అదే. మొదటి రోజు నంబర్లు బీరువాల నుంచి వచ్చాయి, కలగాపులగంగా. ఆ సాయంత్రం ప్రోగ్రామే వాటిని చక్కగా వరసలో పెట్టి దాచింది. మర్నాడు ఆ వరసనే తీసుకుని మళ్లీ చెట్టు కట్టబోయింది. తాడు వచ్చింది. నిన్నటి పని ఫలితమే ఈ రోజు పనికి అన్నిటికన్నా చెడ్డ ముడిసరుకు అయింది.

మరి ఆ ఎర్రర్ ఎక్కడిది? చేర్చే పనిని నేను లూప్‌తో రాశాను, అందుకే అది ఆలస్యంగానైనా పూర్తయింది. చదివే పని మాత్రం ఇందాక చూపించిన `walk`. అది తనను తాను పిలుచుకుంటూ చెట్టు లోతుకు దిగుతుంది. పైథాన్ అలా పిలుచుకోవడానికి మామూలుగా 1000 మెట్ల హద్దు పెడుతుంది. కలగాపులగంగా కట్టిన 40,000 నోడ్ల చెట్టు లోతు నలభై అటూ ఇటూ ఉంటుంది, హద్దు దరిదాపులకే పోదు. తాడు లోతు 40,000. వెయ్యో మెట్టు దగ్గరే ఆగిపోయింది. ఈ ఎర్రర్ చూడగానే చాలామంది `sys.setrecursionlimit` పెట్టి హద్దు పెంచేస్తారు. దయచేసి అలా చేయకండి. చెట్టు తాడైందని ఆ ఎర్రర్ మీకు చెబుతోంది. హద్దు పెంచితే ఆ వార్త చెవిన పడకుండా చేసుకున్నట్టే, 80 కోట్ల పోలికలు అలాగే ఉంటాయి. అనుమానం వస్తే చేయాల్సిన పని, చెట్టు లోతు కొలిచి చూడటం. 40,000కి నలభై యాభై వస్తే బాగుంది. వేలల్లో వస్తే తాడు.

ఇంత తేడా ఉంటే పుస్తకాల్లో ట్రీ సార్ట్‌కి మంచి సగటు అని ఎందుకు రాస్తారు? పుస్తకం అబద్ధం చెప్పడం లేదు. ఆ సగటు దేని మీద తీశారో చూడాలి. మూడు అంకెలతో మొదలుపెడదాం: 1, 2, 3. వీటిని ఆరు వరసల్లో ఇవ్వొచ్చు. ఆరు చెట్లు గీయండి. ఐదు రకాలే వస్తాయి. ఎందుకంటే 2, 1, 3 అన్నా 2, 3, 1 అన్నా చెట్టు ఒకటే, 2 పైన, చెరో పక్క ఒకటి. ఆ చక్కటి చెట్టుకు రెండు దారులు ఉన్నాయి, మిగతా నాలుగు తాళ్లకూ ఒక్కో దారే ఉంది.

ఏడు అంకెలకు వెళ్దాం. వరసలు 5040. మూడు అంతస్తులతో నిండుగా ఉండే చెట్టు ఒకటే, 4 పైన, 2, 6 దాని కింద, మిగతావి అడుగున. దానికి 10 పోలికలు చాలు. ఆ ఒక్క చెట్టుకే 80 వరసలు దారి తీస్తాయి. తాళ్లు ఎన్ని? 64 రకాలు, ఒక్కో దానికి ఒక్క వరసే. ప్రతి దానికీ 21 పోలికలు. తాడు అంటే ఎప్పుడూ నిటారుగా కుడికే ఉండాలని లేదు సుమా. 1, 7, 2, 6, 3, 5, 4 ఇచ్చి చూడండి, కుడికీ ఎడమకీ వంకర్లు తిరుగుతూ దిగుతుంది, అయినా తాడే. మొత్తం 5040 వరసల సగటు దాదాపు 13.5 పోలికలు. చూశారా, పదికి దగ్గర, 21కి దూరం. చీట్లు కలిపి తీసినట్టు వస్తే, మంచి చెట్లకు దారులు ఎక్కువ కాబట్టి మంచి చెట్టే వస్తుంది. పుస్తకంలో సగటు అందుకే బాగుంది.

కానీ మన దగ్గరికి వచ్చే జాబితాలు చీట్లు కలిపి తీసినవా? కరెంటు బిల్లు సర్వీసు నంబర్లు ఎలా వస్తాయి? వరసలో. హాల్ టికెట్ నంబర్లు? వరసలో. బ్యాంకు పాస్‌బుక్‌లో తేదీలు? వరసలో. మనుషులు రాసి పెట్టుకున్న జాబితా ఏదైనా తీయండి, ఏదో ఒక వరసలోనే ఉంటుంది. లేదంటే ముప్పాతిక వంతు వరసలో ఉండి, చివర నాలుగు కొత్తవి తగిలించి ఉంటాయి. 5040లో ఒక్కసారి వస్తుందని సూత్రం లెక్కపెట్టిన వరస మన ఆఫీసుల్లో రోజూ వస్తుంది. నేను ప్రోగ్రాం పరీక్షించినప్పుడు `random` తో పుట్టించిన అంకెలు ఇచ్చాను. అందుకే అన్నీ బాగా కనిపించాయి. ఇప్పుడైతే ప్రతి సార్టింగ్ ప్రోగ్రాంకీ నాలుగు జాబితాలు ఇస్తాను: కలిపినది, ఆరోహణలో ఉన్నది, అవరోహణలో ఉన్నది, అన్నీ ఒకే అంకె ఉన్నది.

ఇక్కడ క్విక్‌సార్ట్ చదివినవాళ్లకు ఏదో తెలిసినట్టు అనిపించాలి. అనిపిస్తోందా? 1961లో టోనీ హోర్ ప్రచురించిన పద్ధతి అది. మొదటి అంకెను పివట్‌గా తీసుకుని, చిన్నవి ఒక పక్కకీ పెద్దవి ఒక పక్కకీ, వచ్చిన వరస చెడకుండా విడదీసి చూడండి. మన పేపర్లే తీసుకుందాం. పివట్ 52. మిగతా ఏడింటినీ దానితో పోల్చాలి, 7. ఎడమ గుంపు 31, 45, 18, 45. పివట్ 31, మూడు పోలికలు. కుడి గుంపు 74, 66, 90. పివట్ 74, రెండు. మిగిలిన 45, 45 మధ్య ఒకటి. 7, 3, 2, 1 కూడండి. 13! సంఖ్య ఒక్కటే కాదు, ఎవరితో ఎవరిని పోల్చామో ఆ జతలు కూడా అవే. చెట్టులో 52 దగ్గర ఆగి దారి అడిగినవాళ్లే, అక్కడ 52 పివట్‌తో పోల్చబడినవాళ్లు. చెట్టులో ఒక్కొక్కరే వచ్చి మెట్లు దిగుతారు, క్విక్‌సార్ట్‌లో అందరూ కలిసి ఒక్కో మెట్టు దిగుతారు. అందుకే వరసగా ఉన్న జాబితాకు మొదటి అంకెను పివట్‌గా పెట్టిన క్విక్‌సార్ట్ కూడా ఇలాగే చతికిలబడుతుంది. జబ్బు ఒకటే.

ఇక్కడ ఒకబ్బాయి చెయ్యెత్తాడు. చెప్పు బాబూ. "పైథాన్‌లో sorted() ఉంది కదా సార్, అది వాడొచ్చు కదా?" మంచి ప్రశ్న. జాబితా మొత్తం ముందే చేతిలో ఉంటే అదే వాడాలి, నేనూ అదే చెబుతాను. దాని వెనక ఉన్నది 2002లో టిమ్ పీటర్స్ రాసిన టిమ్‌సార్ట్. అది జాబితాలో ముందే వరసగా ఉన్న ముక్కలను వెతుక్కుంటుంది. మన 40,000 వరస ఫైలు ఇస్తే 39,999 పోలికలతో సరేనంటుంది. మన చెట్టుకు అన్నిటికన్నా కష్టమైన జాబితా దానికి అన్నిటికన్నా తేలిక. పైగా చెట్టులో ప్రతి అంకెకూ ఎడమా కుడీ చూపించే రెండు పాయింటర్ల చోటు అదనం. చెట్టు ఎప్పుడు కావాలంటే, సరుకు ఒక్కొక్కటిగా వస్తూ ఉండి, మధ్యమధ్యలో ఎప్పుడడిగినా వరసలో చెప్పాల్సి వచ్చినప్పుడు. లైబ్రరీ అలాంటిదే. రోజూ పుస్తకాలు వస్తాయి, "12,000కీ 12,500కీ మధ్య ఏవి ఉన్నాయి" అని రోజూ అడుగుతారు.

మరి నేను ఏం చేశాను? మొదట చేసింది చాలా చిన్న మార్పు. ఇందాకటి `walk` చూడండి. అందులో ఒక్క గీతను పైకి జరిపాను.

```python
def save(n, out):
    if n is None:
        return
    out.append(n.key)
    save(n.left, out)
    save(n.right, out)
```

ముందు తను, తర్వాత ఎడమ, తర్వాత కుడి. దీన్ని ప్రీఆర్డర్ అంటారు. మన చెట్టును ఇలా చదివితే 52, 31, 18, 45, 45, 74, 66, 90 వస్తుంది. వరసలో లేదు కదా, ఎందుకు పనికొస్తుంది? ఈ వరసలో మళ్లీ కొత్త చెట్టు కట్టి చూడండి. ఇప్పుడే కట్టండి, కాగితం మీద. 52 వేరు, 31 ఎడమ, 18 దాని ఎడమ... వచ్చిందా? అచ్చం పాత చెట్టే. అవే 13 పోలికలు. ప్రీఆర్డర్‌లో తండ్రి ఎప్పుడూ పిల్లల కన్నా ముందు వస్తాడు, కాబట్టి ఎవరి చోటు వాళ్లకు దొరుకుతుంది. వరస జాబితా అంకెలను దాస్తుంది కానీ చెట్టు ఆకారాన్ని పోగొడుతుంది. ప్రీఆర్డర్ ఆ రెండింటినీ దాస్తుంది. తెర మీద చూపించడానికి ఇన్‌ఆర్డర్, ఫైల్లో దాచడానికి ప్రీఆర్డర్. మర్నాటి నుంచి ప్రోగ్రాం పొద్దున్నే చక్కగా తెరుచుకుంది.

కథ అక్కడ అయిపోలేదు. కొత్తగా కొన్న పుస్తకానికి ఏ నంబరు ఇస్తారు? 40,001. తర్వాత? 40,002. ఎప్పుడూ ఉన్నవాటన్నిటికన్నా పెద్దదే. చెట్టులో ఎక్కడికి పోతుంది? కుడి కొమ్మ చివరికి. తర్వాతది దాని కిందికి. చక్కటి చెట్టుకు కుడివైపు ఒక తోక మొలిచి రోజూ పొడుగవుతుంది. ప్రీఆర్డర్ ఆకారాన్ని నమ్మకంగా దాస్తుంది, తోకను కూడా అంతే నమ్మకంగా దాస్తుంది. వెయ్యి పుస్తకాలు దాకా వస్తే `walk` మళ్లీ ఆ హద్దును తాకుతుంది, మళ్లీ అదే ఎర్రర్. అది లెక్క వేసి చూసుకున్నాక, చెట్టు తనంతట తాను సర్దుకునే పద్ధతి పెట్టక తప్పలేదు.

ఆ పద్ధతి 1962లో సోవియట్ యూనియన్‌లో అడెల్సన్ వెల్స్కీ, లాండిస్ అనే ఇద్దరు ఇచ్చారు. వాళ్ల పేర్ల మొదటి అక్షరాలతోనే ఏవీఎల్ చెట్టు అంటాం. నియమం ఏమిటంటే, ఏ నోడ్ దగ్గర చూసినా ఎడమ కొమ్మ ఎత్తుకూ కుడి కొమ్మ ఎత్తుకూ తేడా ఒకటి దాటకూడదు. దాటితే అక్కడ తిప్పాలి. ఎలా తిప్పుతారో మూడు అంకెలతో చూడండి. 18, 31, 45 వరసగా వచ్చాయి.

```
  18
    \              31
     31    -->    /  \
       \        18    45
        45
```

18 దగ్గర ఎడమన ఏమీ లేదు, కుడిన రెండు అంతస్తులు. తేడా రెండు. కాబట్టి 31ని పైకి లాగి 18ని దాని ఎడమకి దించాం. ఇప్పుడు రెండు బొమ్మలనూ ఇన్‌ఆర్డర్‌లో చదవండి. మొదటిది 18, 31, 45. రెండోది 18, 31, 45. తిప్పినందువల్ల లోతు తగ్గింది, చదివే వరస మాత్రం చెక్కుచెదరలేదు. ఈ ఒక్క లక్షణం మీదే ఆ పద్ధతి అంతా నిలబడి ఉంది. చదివే వరసను పాడుచేయని మార్పు కాబట్టే, ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎన్నిసార్లైనా తిప్పవచ్చు. 31కి ఎడమన ముందే ఒక కొమ్మ ఉంటే అది ఏమవుతుంది? ఆ కొమ్మలోనివన్నీ 18కీ 31కీ మధ్యవే కదా, కాబట్టి అది 18కి కుడి కొమ్మగా వెళుతుంది. వంకర తాడు వచ్చినప్పుడు రెండుసార్లు తిప్పాలి. 18, 45, 31 ఇచ్చి ఇంటి దగ్గర మీరే చేసి చూడండి.

ఏవీఎల్ చెట్టు ఎత్తు log2(n)కు 1.44 రెట్లు దాటదు. 40,000కి log2 దాదాపు 15.3, కాబట్టి ఏ వరసలో ఇచ్చినా 22 అంతస్తుల లోపే. ఒక్కో పుస్తకానికి మహా అయితే ఇరవై రెండు పోలికలు. ఆ మార్పు చేశాక, పాత వరస ఫైలునే, ఆ రోజు తెర నిలబెట్టేసిన ఆ ఫైలునే, మళ్లీ ఇచ్చి చూశాను. 1 నుంచి 40,000 దాకా వరసగా. చెట్టు కట్టింది, `walk` చదివింది, లైబ్రేరియన్ గారు కుర్చీ లాక్కుని కూర్చునే లోపు జాబితా తెర మీద ఉంది.